మా వాగు గట్టు వట్టివేళ్లు

ఎండాకాలం వచ్చిందంటే మా ఇళ్లలో మంచినీళ్ల కుండలోకి ఒక చిన్న మూట చేరేది. పాత చీర ముక్కలో కట్టిన వట్టివేళ్ల మూట అది. మధ్యాహ్నం అడవి నుంచి వచ్చి ఆ నీళ్లు తాగితే గొంతు దాటకముందే చల్లదనం తెలిసేది. "వేరులో చలువ ఉందిరా" అనేవాడు మా తాత. మేమూ అదే నమ్మాం. వేరులో ఏదో చల్లని గుణం ఉందనీ, అది నీళ్లలోకి, గాలిలోకి, బట్టల్లోకి దిగుతుందనీ అనుకున్నాం.

మేము కోయ పిల్లలం. కిన్నెరసానిలో కలిసే ఒక వాగు పక్కన మా ఊరు. భద్రాచలం, కొత్తగూడెం వైపు మే నెల ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 42, 43 డిగ్రీలు మాకు మామూలు. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పరీక్షలయ్యాక కూడా కొందరం వేసవి తరగతుల కోసం హాస్టల్లో ఉండిపోయాం. పైన రేకుల కప్పు, గదిలో ఒక్క ఫ్యాను. అదీ కరెంటు ఉంటేనే. ఆ వేసవిలోనే వట్టివేళ్ల గురించి మా నమ్మకాన్ని మేమే పరీక్షించి చూశాం.

పరీక్ష పెట్టించింది మా సైన్సు సారు. మాలో ఒకడు కుండ నీళ్లలో వేళ్లు వేస్తుంటే చూసి, "వేరే చల్లబరుస్తుందంటావా? అయితే స్టీలు బిందెలో కూడా వెయ్యి, చూద్దాం" అన్నారు. మూడు పాత్రలు వరండా నీడలో పక్కపక్కన పెట్టాం. ఒక మట్టికుండలో ఉత్త నీళ్లు, రెండో మట్టికుండలో నీళ్లూ వట్టివేళ్లూ, స్టీలు బిందెలో నీళ్లూ వట్టివేళ్లూ. పొద్దున్నే పోసి, మధ్యాహ్నం మూడింటికి ప్రయోగశాలలోని థర్మామీటరు ముంచి చూశాం. వరండాలో గాలి 40 డిగ్రీలు. రెండు మట్టికుండల్లోనూ నీళ్లు 27 డిగ్రీలే, తేడా లేదు. స్టీలు బిందెలో 37. దాని నీళ్లు ఘుమఘుమలాడుతున్నాయి కానీ నోట్లో పోసుకుంటే వెచ్చగా ఉన్నాయి.

ఇంకో తమాషా కూడా జరిగింది. కళ్లకు గంతలు కట్టి, రెండు కుండల నీళ్లూ గ్లాసుల్లో పోసి ఒకరికొకరం తాగించుకున్నాం. ఏది ఎక్కువ చల్లగా ఉందంటే దాదాపు అందరం వేళ్ల నీళ్లనే చూపించాం. థర్మామీటరుకు కనిపించని తేడా మా నోటికి కనిపించింది. చిన్నప్పటి నుంచి ఆ వాసన మాకు ఎప్పుడూ చల్లటి నీళ్లతోనే కలిసి వచ్చింది. వాసన తగలగానే ఒళ్లు చల్లదనం కోసం సిద్ధమైపోతుందేమో అన్నారు సారు.

ఇక్కడ పుదీనాకూ వట్టివేరుకూ తేడా ఆయన చెప్పారు. పుదీనాలో మెంథాల్ ఉంటుంది. అది నోట్లోనూ చర్మంలోనూ చలిని పసిగట్టే నరాల కొనలను తట్టి లేపుతుంది. నీళ్లు వెచ్చగా ఉన్నా చల్లగా ఉన్నట్టు నరం కబురు పంపుతుంది. వట్టివేరు మెంథాల్ ఉన్న మొక్క కాదు. అది తడి మట్టిని గుర్తుచేసే నిదానమైన వాసన. మరి మట్టికుండను చల్లబరిచింది ఎవరు? కుండ గోడలోంచి చెమ్మగా బయటికి వచ్చి ఆవిరైన నీరు. స్టీలు బిందెకు చెమర్చే గోడ లేదు, అందుకే అది ఓడిపోయింది.

నీరు ఊరికే ఆవిరి కాదు, దానికి వేడి కావాలి. 30 డిగ్రీల నీళ్లు ఎనిమిది లీటర్లు తీసుకుని మరిగే దాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఒక్క లీటరు నీరు పూర్తిగా ఆవిరైపోవడానికి దాదాపు అంత వేడి కావాలి. పొయ్యి లేనిచోట ఆ వేడిని నీరు పక్కనున్న గాలి నుంచి, కుండలోని నీళ్ల నుంచి, మన ఒంటి నుంచి లాక్కుంటుంది. అలా వేడి పోగొట్టుకున్నది చల్లబడుతుంది. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే హాయిగా ఉండేది కూడా ఇందుకే.

అయితే వట్టివేరు గొప్పతనం ఎక్కడుంది? నీటిని పట్టుకునే తీరులో ఉంది. అది మాకు తడిక కట్టినప్పుడు తెలిసింది.

మా గదికి పడమర వైపు ఒక తలుపు, తూర్పు వైపు రెండు కిటికీలు. మధ్యాహ్నం వడగాలి పడమర నుంచి కొడుతుంది. ఆ తలుపుకు తడిక కడదామనుకున్నాం. వెదురు బద్దలతో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున రెండు జల్లెడ చట్రాలు అల్లాం. ఒక చట్రాన్ని నేల మీద పరిచి, కడిగి మట్టి దులిపిన వేళ్లను దాని మీద ఒక అంగుళం మందాన పేర్చాం. దాదాపు మూడు కిలోల వేళ్లు పట్టాయి. పైన రెండో చట్రం పెట్టి, జానెడు దూరానికి ఒక కట్టు చొప్పున అడ్డతీగ నారతో బిగించాం. కట్టు మరీ బిగిస్తే వేళ్లు దగ్గరపడి గాలి దూరదు. వదులుగా ఉంటే తడిసిన వేళ్లు బరువుకు కిందికి జారి, పైన కంత పడుతుంది. వేడిగాలి ఆ కంతలోంచే లోపలికి వస్తుంది. సరిగ్గా కట్టారో లేదో తెలియాలంటే తడికను వెలుతురుకు ఎత్తి చూడాలి. అంతటా సన్నటి చుక్కల్లా వెలుగు కనిపించాలి. ఎక్కడా పెద్ద వెలుగు మచ్చ ఉండకూడదు, పూర్తి చీకటి కూడా ఉండకూడదు.

వరిగడ్డితో కట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. కట్టి చూడండి. తడిసిన గడ్డి రెండు రోజుల్లో మెత్తబడి అట్టలా అతుక్కుంటుంది, వారంలో మురిగి కంపు కొడుతుంది. వట్టివేరు సన్నగా తీగలా గట్టిగా ఉంటుంది. ఎంత తడిసినా మెత్తబడదు. వేళ్ల మధ్య గాలికి సందు ఉంటుంది, ప్రతి వేరు మీదా పలుచని నీటి పొర నిలుస్తుంది. అంత చిన్న తలుపులోనే నీటికీ గాలికీ తగలడానికి ఎంతో చోటు దొరుకుతుంది. వేరులోని నూనె వల్ల అది త్వరగా కుళ్లదు. అందుకే ఒక తడిక ఒక వేసవి అంతా వస్తుంది.

మొదటి రోజు మేము తప్పు చేశాం. తడిక కట్టి, నీళ్లు చల్లి, చల్లదనం బయటికి పోకూడదని కిటికీలు రెండూ మూసేశాం. పది నిమిషాలు హాయిగా ఉంది. అరగంటకు గదంతా ఉక్కపోత. చొక్కాలు ఒంటికి అతుక్కున్నాయి, గోడలు చెమ్మగిల్లాయి. వేరు పాతబడిందేమో అనుకున్నాం. సారు వచ్చి రెండు కిటికీలూ తెరిచారు. అంతే, గాలి తడికలోంచి లోపలికి దూరి, కిటికీల్లోంచి బయటికి సాగింది. గాలికి నీటి ఆవిరిని మోసే శక్తి కొంతే ఉంటుంది. అది నిండిపోతే ఇక తడి ఆరదు, తడి ఆరకపోతే చలువ రాదు. పైగా మన చెమట కూడా ఆరదు. నిండిన గాలి బయటికి పోతేనే పొడిగాలి లోపలికి వస్తుంది. తడిక ఉన్న గదికి ఎదురుగా ఒక దారి తెరిచి ఉండాలి.

ఆ రోజు కొలతలు మా నోటుపుస్తకంలో ఇంకా ఉన్నాయి. తలుపు బయట 42 డిగ్రీలు. లోపల తడిక ముందు 30. గదికి అటు చివర 34, ఎందుకంటే రేకుల కప్పు పైనుంచి వేడి కుమ్మరిస్తూనే ఉంది. ఇంకా ఎంత చల్లబడొచ్చో ముందే చెప్పే ఉపాయం కూడా నేర్చుకున్నాం. థర్మామీటరు బొడిపెకు తడిగుడ్డ చుట్టి గాలికి పట్టుకుంటే కాసేపటికి అంకె దిగి ఒకచోట ఆగుతుంది. ఆ రోజు 24 దగ్గర ఆగింది. తడిక ఎంత బాగా కట్టినా గాలి ఆ అంకె కంటే కిందికి దిగదు. 42కూ 24కూ మధ్య తేడా 18. మా తడిక అందులో 12 డిగ్రీలు తగ్గించింది. చేత్తో కట్టిన తడికకు అది మంచి పనే. ఏ పాఠశాలలోనైనా రెండు థర్మామీటర్లుంటే ఈ పని పిల్లల చేత చేయించవచ్చు.

ఈ లెక్క వల్లే ఇంకో సంగతి తెలిసింది. మాలో ఒకడు తర్వాత కాకినాడలో చదువుకోవడానికి వెళ్తూ తడిక చుట్టి పట్టుకెళ్లాడు. అక్కడ 36 డిగ్రీల ఎండలో గంటకోసారి తడిపినా గదిలో తేడా లేదని ఫోను చేశాడు. సముద్రపు గాలి ముందే చెమ్మతో నిండి ఉంటుంది. 36 డిగ్రీల గాలిలో చెమ్మ 65 శాతం ఉంటే తడిగుడ్డ థర్మామీటరు 30 దగ్గరే ఆగిపోతుంది. తడికకు దొరికేది ఆరు డిగ్రీల తేడా మాత్రమే, అందులోనూ కొంత భాగమే చేతికి వస్తుంది. మా దగ్గర కూడా జూన్‌లో తొలకరి పడ్డాక తడిక పనిచేయదు. అప్పుడు దాన్ని దించి, ఎండబెట్టి, అటక మీద పెట్టాలి. తడిగా వదిలేస్తే నల్ల బూజు పడుతుంది. ఆ బూజు తగిలిన గాలి పీల్చడం మంచిది కాదు.

తడికకు నీళ్లు ఎన్ని పట్టాయి? ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా నాలుగు బిందెలు పోశాం. కింద రేకు తొట్టి పెట్టి కారిన నీళ్లనే మళ్లీ పోసినా అన్ని పట్టాయి. ఆవిరైనదే చలువ ఇచ్చింది కాబట్టి అందులో దుబారా లేదు. కానీ ఆ బిందెలు బోరింగు నుంచి మోసినవి. రెండో వారం మా హాస్టలు బోరింగులో నీళ్లు తగ్గాయి. వంటకు నీళ్లు మోసే అక్క, "మీ తలుపుకు పోసే నీళ్లతో నా గిన్నెలన్నీ తోముకుంటా" అంది. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి మొహాలు కడుక్కున్న నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కాకుండా బట్టలు జాడించిన చివరి నీళ్లు పక్కన పెట్టి తడికకు పోశాం. బియ్యం కడుగు పోస్తే వేళ్లు పులిసి వాసన మారుతుంది. కింద తొట్టిని రోజూ రాత్రి బోర్లించేవాళ్లం. నిలవ నీటిలో దోమ గుడ్లు పెడితే ఏమవుతుందో మలేరియా చూసిన మా ఊళ్లకు తెలుసు.

నీళ్లు ఎవరు మోస్తారన్న ప్రశ్న పాతదే. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో ఖస్ వేళ్లు నింపిన వెదురు తడికల గదుల ప్రస్తావన ఉంది. నీళ్లు చల్లితే నడి వేసవిలో చలికాలం వచ్చినట్టుండేదట. తర్వాత తెల్లదొరల బంగళాల తలుపులకూ అవే తడికలు వేలాడాయి. లోపల కూర్చున్నవాళ్లు వేరు. బయట ఎండలో నిలబడి రోజంతా నీళ్లు చల్లినవాళ్లు వేరు. వాగుల గట్ల మీద వేళ్లు తవ్వినవాళ్లు ఇంకా వేరు. మేము ఆ మూడో రకం వాళ్ల పిల్లలం. ఈ రోజు పట్నంలో తిరిగే ఎయిర్ కూలరు కూడా ఆ తడికకు చెల్లెలే. తడిసిన పొరలోంచి ఫ్యాను గాలిని లాగుతుంది, అంతే.

తాగే నీటి సంగతి చెప్పుకోవాలి. చారెడు వేళ్లు, అంటే పది గ్రాముల దాకా, మట్టి పూర్తిగా పోయేలా నాలుగైదు నీళ్లలో కడిగి, ఎండబెట్టి, మూట కట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లు మూడు లీటర్లు కుండలో పోసి మూట వేస్తే తెల్లారేసరికి వాసన దిగుతుంది. రెండు రోజులకోసారి మూట తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు. నీళ్లు జిగటగా అనిపించినా, పులిసిన వాసన వచ్చినా పారబోయాలి. షర్బత్ కావాలంటే యాభై గ్రాముల వేళ్లను చిన్న ముక్కలు చేసి లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కిలో చక్కెర వేసి పాకం పట్టి, నిమ్మరసం పిండాలి. అది లేత గోధుమ రంగులో ఉంటుంది. దుకాణాల్లో ఖస్ పేరుతో అమ్మే పచ్చటి షర్బత్‌కు ఆ పచ్చదనం రంగు కలపడం వల్ల వచ్చింది. వేరులో పచ్చదనం లేదు.

రెండు జాగ్రత్తలు. వట్టివేరు గడ్డికి మురుగులోని సీసం లాంటి లోహాలను పీల్చుకునే గుణం ఉంది. అందుకే మురికినీటిని శుద్ధి చేయడానికి దాన్ని పెంచుతారు. గనుల నుంచి వచ్చే కాలువల దగ్గర, మురుగు పారేచోట తవ్విన వేళ్లు తడికకు పనికొస్తాయి గానీ కుండలో వేయకూడదు. రెండోది, ఎండదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ మాట తడబడే మనిషికి షర్బత్ పోస్తూ కూర్చోకూడదు. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో ఏదీ పోయకూడదు కూడా. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, గట్టిగా విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. తడిక చేసే పనే అప్పుడు ఆ మనిషి ఒంటి మీద జరగాలి.

ఇక బట్టల మధ్య పెట్టే మూటలు. మా అమ్మలు పెట్టెలో చీరల మడతల్లో గుప్పెడు ఎండు వేళ్లు గుడ్డలో కట్టి పెట్టేవాళ్లు. పెట్టె తీయగానే ఆ వాసన వస్తే చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది గానీ అక్కడ నీరు లేదు కాబట్టి అసలు చలువ లేదు. ఉన్నది వాసనే, కానీ అది చాలా కాలం ఉంటుంది. వట్టివేరు నూనెలోని అణువులు బరువైనవి, మల్లె వాసనలా త్వరగా ఎగిరిపోవు. ఆ నూనెలో చెదలకు గిట్టని పదార్థాలు ఉన్నాయని పరిశోధనల్లోనూ తేలింది. వాసన తగ్గితే మూటను కొద్దిగా తడిపి నీడలో ఆరబెడితే మళ్లీ లేస్తుంది. బాగా ఆరకముందే పెట్టెలో పెడితే మాత్రం బట్టలకు బూజు మరకలు పడతాయి.

ఇన్ని వాడకాలకూ వేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? మా వాగు గట్టు నుంచి. కొన్నిచోట్ల అవురుగడ్డి అని పిలిచే ఈ గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. దాని వేళ్లు పక్కలకు పాకవు, తిన్నగా కిందికి మూడు మీటర్ల దాకా కూడా దిగుతాయి. మేము చిన్నగా ఉన్నప్పుడు ఒక వేసవిలో ఒక వ్యాపారి వచ్చి ఎన్ని తెస్తే అన్ని కొంటానన్నాడు. ఊరంతా గడ్డపారలు పట్టుకుని వాగు మీద పడ్డాం. పిల్లలం మట్టి దులిపాం. దుబ్బు దుబ్బంతా పెకలించి, వేరు నరికి, పైగడ్డి వాగులో పడేశాం. ఆ డబ్బుతో ఇంటికి కొత్త బట్టలు వచ్చాయి. ఆ ఏడు వానాకాలంలో వాగు పొంగి, మేము తవ్విన వైపు గట్టు రెండు బారల లోపలికి కోసుకుపోయింది. మా తాత జొన్నచేను చివరి సాళ్లు కూడా దాంతోపాటే పోయాయి. ఎదుటి గట్టు మీద ఎవరూ తవ్వలేదు, అది అట్లాగే నిలిచింది.

తాత ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాతి ఏడు నుంచి తను తవ్వే తీరు మాత్రం మార్చాడు. మూడు దుబ్బుల్లో ఒక్కటే, అదీ గట్టు అంచున కాకుండా లోపలి వైపున ఉన్నదే తవ్వేవాడు. వేరు కోసుకున్నాక మొదలును పారేసేవాడు కాదు. ఆకును జానెడు ఎత్తుకు కోసి, మొదలును రెండు మూడు పిలకల చొప్పున చీల్చి, తడిగోనెలో చుట్టి నీడలో ఉంచేవాడు. తొలకరి పడగానే తెగిన గట్టు పొడుగునా, నీరు పారే దారికి అడ్డంగా, జానెడుకు ఒకటి చొప్పున వరుసగా నాటేవాడు. వేరు మళ్లీ కోతకు రావడానికి ఏడాదిన్నర పడుతుంది.

హాస్టల్లో మేము కట్టిన తడికకు పట్టిన మూడు కిలోల వేళ్లు ఆ వరుసలోవే. సెలవులకు ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పి, కుండల పరీక్ష కూడా చెప్పాం. వేరులో చలువ లేదు తాతా, నీటిలో ఉంది అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ నీళ్లను పట్టుకున్నది ఎవరురా?" అన్నాడు. గడ్డపార భుజాన వేసుకుని వాగు వైపు నడిచాడు. మేము పిలకల గోనె ఎత్తుకుని వెనకే వెళ్లాం.